కొత్త అడ్రస్ చేరిస్తే 24 గంటలు ఆపే ఎక్స్ఛేంజ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఈ క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో నాకు ఖాతా తెరిచి నాలుగేళ్లు దాటింది. కొనడం, అమ్మడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బాగానే నడుస్తాయి. నేను రాయాలనుకున్నది విత్‌డ్రా గురించి.

వైట్‌లిస్ట్ ఆన్ చేస్తే, జాబితాలో ఉన్న అడ్రస్‌లకే కాయిన్లు పంపగలం. జాబితాలో కొత్తది చేరిస్తే 24 గంటల దాకా దానికి ఏమీ పంపనివ్వరు. వైట్‌లిస్ట్ ఆఫ్ చేసినా అంతే ఆగాలి, లేకపోతే దొంగ ముందు దాన్నే ఆఫ్ చేస్తాడు కదా. అడ్రస్ చేర్చిన నిమిషంలో మెయిల్ వస్తుంది, అందులో ఖాతాను స్తంభింపజేసే లింక్ ఉంటుంది. ఎవరైనా నా లాగిన్‌లోకి దూరినా, ఆ మెయిల్ చూసి అడ్డుకోవడానికి నాకు ఒక రోజు దొరుకుతుందన్నమాట. మెయిల్ కూడా వాడి చేతిలోనే ఉంటే ఈ గడువు వల్ల లాభం తక్కువ.

మొదటి రెండేళ్లూ దీన్ని తిట్టుకుంటూనే వాడాను. కిందటేడు జరిగిన సంగతితో తిట్టడం మానేశాను.

నా రెండో వాలెట్‌కి ఈథర్ పంపాలి. అది హార్డ్‌వేర్ వాలెట్, అంటే అడ్రస్‌ని తన తెర మీద చూపే చిన్న పరికరం. అడ్రస్ కోసం దాన్ని తీయడానికి బద్ధకించి, మొదటి వాలెట్ పాత లావాదేవీల్లోంచి కాపీ చేసి వైట్‌లిస్ట్‌లో పెట్టాను. మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు చూశాను, సరిపోయాయి. మర్నాడు గడువు తీరబోతుండగా ఎందుకో అనుమానం వచ్చి, పరికరం తెర మీద కనిపించే అడ్రస్‌తో మొత్తం పోల్చాను. మధ్యలో ఒక్క అక్షరం కలిస్తే ఒట్టు! ఎవడో నా అడ్రస్‌లాగే మొదలై, అలాగే ముగిసేదాన్ని తయారు చేసి, దాన్నుంచి నా వాలెట్‌కి సున్నా విలువ లావాదేవీ ఒకటి పంపాడు, నేను ఎప్పుడో అక్కడినుంచి కాపీ చేస్తానని. `0x` తర్వాత 40 అక్షరాలుంటే అటు నాలుగు, ఇటు నాలుగు కలిసేలా తయారు చేయడం కంప్యూటర్‌కి కష్టమేమీ కాదు. ఆ గడువే లేకపోతే నేను ముందురోజే పంపేసేవాణ్ని. ఒకసారి బ్లాక్‌చైన్ మీదికి వెళ్లాక వెనక్కి పిలిచే దారి లేదు.

తప్పుడు అడ్రస్ తీసేసి సరైనది పెట్టాను, మళ్లీ 24 గంటలు. ఆ టెన్షన్‌లో పాస్‌వర్డ్ కూడా మార్చాను. అది నా తెలివితక్కువ పని. పాస్‌వర్డ్ మారిస్తే ఇక్కడ ఖాతా మొత్తానికే 24 గంటలు విత్‌డ్రా ఆగిపోతుంది, పాత అడ్రస్‌లతో సహా. తప్పు చేసింది నేను కాపీ చేసిన చోట, పాస్‌వర్డ్‌కి దానితో సంబంధమే లేదు.

ఇంతవరకు ఎక్స్ఛేంజ్‌ని ఏమీ అనను. గడియారం కనిపిస్తుంది, ఎప్పుడు తెరుచుకుంటుందో తెలుస్తుంది. నాకు కోపం తెప్పించింది తర్వాతి అంకం. గడువులన్నీ తీరాక పంపితే `Under review` అని పడింది. ఇది వేరే వ్యవహారం. కొత్త అడ్రస్, కొత్త పాస్‌వర్డ్, మామూలుకన్నా పెద్ద మొత్తం, మూడూ ఒకేసారి కనిపించేసరికి మనిషి చూడాల్సిన వరసలోకి పంపారు. దీనికి గడియారం లేదు. మూడు రోజులు పట్టింది. మొదటి రోజంతా ఒక్క మాట లేదు, రెండో రోజు ఆ వాలెట్ ఎవరిదో, డబ్బు ఎక్కడిదో అడిగి, ముఖం వీడియో పంపమన్నారు. ఆ ప్రశ్నలు మొదటి గంటలోనే అడిగితే ఒక రోజు మిగిలేది.

కాయిన్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి నేను చూసింది `TXID`, అంటే చైన్ మీద లావాదేవీకి పడే గుర్తింపు సంఖ్య, ఒక్కటే. ఆ గడి ఖాళీగా ఉంటే ఇంకా ఎక్స్ఛేంజ్ దగ్గరే ఉన్నాయని, చైన్ మీదికి పోలేదని అర్థం. అప్పుడు వాలెట్‌లో వెతికి లాభం లేదు.

ఆ మూడు రోజుల్లో ఒక గ్రూపులో నా బాధ రాస్తే, పది నిమిషాల్లో ‘సపోర్ట్’ పేరుతో ఒకడు తగులుకున్నాడు. కొంత జమ చేస్తే హోల్డ్ తీయిస్తాడట. ఇక్కడ విత్‌డ్రా ఫీజు పంపే మొత్తంలోంచే పోతుంది. హోల్డ్ తీయడానికి ఎదురు కట్టమంటే వాడు దొంగే.

ఆ 24 గంటల గడువుకి ఐదుకి ఐదు ఇస్తాను, రివ్యూకి రెండు. ఇప్పుడు రెండు వాలెట్ల అడ్రస్‌లూ, అవసరం లేకపోయినా, పరికరం తెర చూసి ముందే చేర్చి పెట్టుకున్నాను. ఒకదానికి పేరు తప్పుగా టైప్ చేశాను కానీ అలాగే వదిలేశాను. పేరు దిద్దినా కొత్త అడ్రస్ కిందే లెక్కగట్టి మళ్లీ 24 గంటలు ఆపుతారు.