యూట్యూబ్ హ్యాండిల్ మార్చుకోవడం: 5 ఏళ్లు ఛానల్ నడిపిన అనుభవంతో

రాజమండ్రిలో మా మిద్దె మీద పెంచే కూరగాయల గురించి 2019 నుంచి యూట్యూబ్‌లో వీడియోలు పెడుతున్నాను. ఈ మధ్యలో ఛానల్ పేరు రెండుసార్లు, హ్యాండిల్ మూడుసార్లు మార్చాను. పేరు మార్చడానికి ఉండే గడువుల గురించి నాకు తెలిసిందంతా ఆ మార్పుల వల్ల తెలిసిందే. పేరు మార్చాలనుకునే చిన్న ఛానల్ వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా చెప్పాలి. ఛానల్ పేరు వేరు, హ్యాండిల్ వేరు. పేరు అంటే వీడియో కింద పెద్దగా కనపడేది. ఒకే పేరు పదిమందికి ఉండొచ్చు. హ్యాండిల్ అంటే @ గుర్తుతో మొదలయ్యేది. అది ప్రపంచం మొత్తంలో ఒక్కరికే ఉంటుంది, ఛానల్ లింకు కూడా దాంతోనే తయారవుతుంది. హ్యాండిళ్లు 2022 చివర్లో వచ్చాయి. నాకు వచ్చిన దాంట్లో పేరు వెనకాల అర్థం లేని అక్షరాలు, అంకెలు ఉన్నాయి, అందుకే అప్పుడే ఒకసారి మార్చుకున్నాను. ఒకటి మారిస్తే రెండోది దానంతట అది మారదు. నిబంధన మాత్రం రెంటికీ ఒకటే: 14 రోజుల్లో రెండుసార్ల వరకు మార్చుకోవచ్చు.

రెండుసార్లంటే చాలా ఎక్కువే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. 2024 జనవరి 8 పొద్దున YouTube Studio తెరిచి, Customization లోకి వెళ్లి, Handle గడిలో కొత్తది కొట్టి, Publish నొక్కాను. చివర thota అని ఉండాల్సింది thtoa అని పడింది. ఫోన్లో టైప్ చేస్తున్న తొందరలో కళ్లు దాన్ని సరిగానే చదివేశాయి. సాయంత్రం ఒకావిడ లింకు తెరుచుకోవట్లేదని మెసేజ్ పెడితే గానీ చూసుకోలేదు. వెంటనే సరిచేశాను. అప్పటికి రెండు మార్పులూ అయిపోయాయి, అందులో ఒకటి కేవలం అక్షర దోషానికి ఖర్చయింది.

మర్నాడు మా మరిది చూసి, "వదినా, మధ్యలో ఆ గీత ఎందుకండీ? ఎవరికైనా ఫోన్లో చెప్పాలంటే కష్టం, తీసేయండి" అన్నాడు. నిజమే. కానీ ఇక 22వ తేదీ దాకా ఆగాల్సిందే. ఆ రెండు వారాలు కొత్త వీడియోల్లో హ్యాండిల్ చెప్పకుండా తప్పించుకున్నాను. ఆఖరికి ఆ గీత అలాగే ఉండిపోయింది. అప్పటికే జనం దాన్ని పట్టుకున్నారు, మళ్లీ మార్చి వాళ్లను తిప్పలు పెట్టాలనిపించలేదు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది మాత్రం ఈ లెక్క కాదు. పాత హ్యాండిల్‌కి ఇంకో 14 రోజుల గడువు ఉంటుంది. మనం వదిలేసిన హ్యాండిల్‌ని యూట్యూబ్ 14 రోజులు మన కోసం పట్టి ఉంచుతుంది. ఆ రోజుల్లో పాత లింకు, కొత్త లింకు రెండూ పనిచేస్తాయి, మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. 14 రోజులు దాటాక దాన్ని వదిలేస్తుంది, ఇక ఎవరైనా తీసుకోవచ్చు. చాలామంది ఈ రెండు గడువులనూ ఒకటే అనుకుంటారు. మొదటిది మనం మళ్లీ మళ్లీ మార్చకుండా ఆపేది, రెండోది మన పాత పేరుకి కాపలా కాసేది. రెండూ 14 రోజులే కావడంతో ఒక చిక్కుంది. రెండు మార్పులూ వాడేశాక పాతదే నయమనిపిస్తే, వెనక్కి వెళ్లడం కూడా ఒక మార్పే కదా. దారి తెరుచుకునే రోజూ, కాపలా తీసేసే రోజూ దాదాపు ఒక్కటే అవుతాయి. అందుకే ఒక మార్పుని ఎప్పుడూ చేతిలో మిగుల్చుకోమంటాను.

నా విషయంలో ఏమైందంటే, డిసెంబరులోనే 500 విత్తనాల కవర్లు అచ్చు వేయించాను. కాకర, బీర, గోరుచిక్కుడు, తోటకూర. ప్రతి కవరు మీదా పాత హ్యాండిల్, దాని క్యూఆర్ కోడ్. సంక్రాంతికి వచ్చినవాళ్లకీ, పోస్టులో అడిగినవాళ్లకీ కలిపి 260 కవర్లు వెళ్లిపోయాయి. పండగ రోజుల్లో స్కాన్ చేసినవాళ్లకి ఛానల్ చక్కగా తెరుచుకుంది, కాబట్టి నాకూ అనుమానం రాలేదు. కానీ విత్తనాల కవరు వారంలో ఖాళీ అయ్యేది కాదు. వేసవి పంటకని మార్చి దాకా డబ్బాలో దాచుకునేవాళ్లుంటారు. ఫిబ్రవరిలో తణుకు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "అమ్మా, కవరు మీద కోడ్ కొడితే పేజీ లేదంటోంది, బీర ఎంత లోతులో నాటాలి?" అని అడిగారు. అంగుళం లోతు చాలని చెప్పాను. అప్పుడు కూర్చుని చూసుకుంటే నా పాత వీడియోల వివరణల్లో కూడా ఆ పాత లింకే ఉంది, 140 వీడియోల్లో. రోజుకి 20 చొప్పున వారం రోజులు మార్చాను. నా అదృష్టం, అప్పటికి ఆ హ్యాండిల్‌ని ఎవరూ తీసుకోలేదు. ఎవరైనా తీసుకుని ఉంటే నా కవర్లు నేనే అచ్చు వేయించి వాళ్ల ఛానల్‌కి జనాన్ని పంపినట్టయ్యేది.

మిగిలిన 240 కవర్లకీ నేనూ మా అత్తగారూ కూర్చుని స్టిక్కర్లు అంటించాం. ఈసారి స్టిక్కర్ మీద కోడ్ హ్యాండిల్‌ది కాదు. ప్రతి ఛానల్‌కీ ఎప్పటికీ మారని ఒక ఐడీ ఉంటుంది. అది UC తో మొదలవుతుంది, మొత్తం 24 అక్షరాలు. కంప్యూటర్‌లో Studio తెరిస్తే పైన అడ్రస్ బార్‌లోనే కనిపిస్తుంది. దాంతో లింకు ఇలా ఉంటుంది:

```
https://www.youtube.com/channel/UC...
```

పేరు మార్చినా, హ్యాండిల్ మార్చినా ఈ లింకు మన ఛానల్‌కే వెళ్తుంది. నోటితో చెప్పడానికి ఇది పనికిరాదు, చదవడానికీ బాగోదు. కానీ క్యూఆర్ కోడ్‌ని చదివేది ఫోనే కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఇప్పుడు నేను అచ్చు వేయించే ప్రతిదాని మీదా కోడ్‌లో ఈ ఐడీ, పక్కన మనుషుల కోసం హ్యాండిల్ ఉంటాయి.

ఇలాంటి ఆంక్షలు అసలు ఎందుకని అడిగేవాళ్లున్నారు. నాకైతే మొదటి ఆంక్ష న్యాయంగానే అనిపిస్తుంది. పొద్దున ఒక పెద్ద ఛానల్ పేరు పెట్టుకుని నాలుగు మోసపు వీడియోలు వదిలి, సాయంత్రానికి ఇంకో పేరులోకి దూరిపోయేవాడిని కొంతైనా అది ఆపుతుంది. మిగతా చోట్ల ఇంకా గట్టిగా ఉంటుంది. ఫేస్‌బుక్‌లో ఒకసారి పేరు మారిస్తే 60 రోజులు ఆగాలి, స్నాప్‌చాట్‌లో యూజర్‌నేమ్ ఏడాదికి ఒక్కసారే. పాత పేరుకి కాసే కాపలా మాత్రం 14 రోజులంటే తక్కువే అంటాను. ట్విచ్‌లో వదిలేసిన యూజర్‌నేమ్‌ని కనీసం ఆరు నెలలు ఎవరికీ ఇవ్వరు. అచ్చు వేసిన కాగితం మీద ఉన్న పేరుకి ఆరు నెలలే సరైన లెక్క.

లక్ష మంది దాటి వెరిఫికేషన్ టిక్ వచ్చినవాళ్లకి ఇంకో మాట. ఛానల్ పేరు మారిస్తే ఆ టిక్ పోతుంది, మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. నాకు ఆ టిక్ లేదు కాబట్టి ఆ బాధ పడలేదు.

ఈ వేసవిలో మా మరిది ఛానల్‌కి హ్యాండిల్ మార్చాం. కొత్తది ముందు కాగితం మీద రాసి, వాట్సాప్‌లో ఇంట్లో నలుగురికీ పంపి, చదివి చెప్పమన్నాం. వాళ్లలో ఇద్దరు ఒకే చోట తప్పు చదివారు, అక్కడ ఒక అక్షరం మార్చాం. ఆ తర్వాతే Publish నొక్కాం. పాత లింకు ఎక్కడెక్కడ ఉందో ఒక నోటుపుస్తకంలో ముందే రాసి పెట్టుకుని, పదో రోజుకి అన్నీ మార్చేశాం. రెండో మార్పు వాడాల్సిన అవసరమే రాలేదు.