రాజమండ్రిలో రెండు రోజులు: పెళ్ళి ప్లానర్ ప్రొఫైల్ పట్టుకుని తిరిగాం

మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి. ముహూర్తం రాత్రి 2:40కి. మేముండేది హైదరాబాద్‌లో, పెళ్ళివారిది గోదావరి పక్క ఊరు. అందుకని రాజమండ్రిలో ఒక ప్లానర్‌ని మా వియ్యంకుడు గారు చూపించారు. ఫోన్‌లో పంపిన ప్రొఫైల్ చూస్తే కళ్ళు చెదిరాయి: నూట యాభై పెళ్ళిళ్ళు, నలభై మంది వెండర్లు, అన్నీ ఐదు చుక్కల రివ్యూలే. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకసారి కళ్ళతో చూద్దామని నేనూ మా బావమరిదీ గౌతమి ఎక్కాం.

తెల్లవారకముందే దిగాం. మొదటి పాఠం స్టేషన్ దగ్గరే. మాకు దొరికిన లాడ్జిలో చెక్ అవుట్ 24 గంటల లెక్క. మా చుట్టాల కోసం ప్లానర్ చూపించిన హోటల్లో మాత్రం మధ్యాహ్నం 12 నుంచి 12 దాకా. రూములు బాగున్నాయి, లిఫ్టుంది, పెద్దవాళ్ళకి సుఖం. కానీ మా వాళ్ళంతా ఈ బండికే దిగుతారు, పొద్దున్నే తాళం చెవి కావాలంటే ముందురోజు అద్దె కూడా కట్టాలి. పాతిక రూములకి అది చిన్న మొత్తం కాదు. పెద్దవాళ్ళకి ఆ హోటల్, మిగతావాళ్ళకి లాడ్జి అనుకున్నాం.

తర్వాత ప్రొఫైల్ ఫోటోల్లో ఉన్న మూడు ఫంక్షన్ హాళ్ళకి వెళ్ళాం. ప్లానర్‌కి చెప్పకుండా. మొదటిచోట మేనేజర్ ఫోటో చూసి నవ్వి, "స్టేజీ పూల పని ఒక్కటే ఆయనదండీ. వంట వేరే వాళ్ళు, మిగతాదంతా అమ్మాయి మేనమామలే చూసుకున్నారు" అన్నాడు. రెండో హాల్లో పెళ్ళి మొత్తం ఆయనే చేయించాడట, పని శుభ్రంగా ఉందన్నారు. మూడోచోట రెండు పెళ్ళిళ్ళుగా చూపించిన ఫోటోలు ఒకే మండపానివి, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి. అరటి గెలలో విరిగిన కాయ రెండింట్లోనూ ఉంది! ఆయన్ని మోసగాడని అనను. ఈ వ్యాపారంలో పూలు కట్టినా అది 'మనం చేసిన పెళ్ళి' కిందే రాసుకుంటారు. "ఇందులో మీరు చేసింది ఏమిటి?" అని ఒక్కో ఫోటోకీ విడిగా అడగాల్సిన బాధ్యత మనదే.

మధ్యాహ్నం కడియపులంక పూల మార్కెట్‌కి వెళ్ళాం. ఆయన వెండర్ల జాబితాలో మొదటి పేరు అక్కడి పూల కొట్టు. ఆ కొట్టాయన తప్పు పట్టడానికి లేని మనిషి. రాత్రి ముహూర్తానికి పొద్దున కట్టిన విరజాజులు సాయంత్రానికే వాడిపోతాయని, పీటల దగ్గర దండలు మాత్రం సాయంత్రం కట్టించమని ఆయనే చెప్పాడు. జాబితాలో ఇంకో ముగ్గురికి ఫోన్ చేస్తే ఒకాయన, "రెండేళ్ళయిందండీ ఆయనతో పని చేసి" అన్నాడు.

రివ్యూల సంగతి. బాగుంది, అద్భుతం అని ఊరికే రాసినవి వదిలేశాం. ఆర్నెల్ల లోపు పెళ్ళి చేసినవాళ్ళ నంబర్లు రెండు అడిగి తీసుకున్నాం. ఒకావిడ బాగా మాట్లాడింది.

"చెప్పిన దానికన్నా బిల్లు ఎంత పెరిగిందమ్మా?"

"డెబ్భై వేలు అన్నయ్యగారూ. సగం జనరేటర్ డీజిలే. హాలు అద్దెలోనే అనుకున్నాం మేము. పనివాళ్ళు మాత్రం మంచివాళ్ళు, పెళ్ళికొడుకు బండి ఆలస్యమైతే తలా ఒక చెయ్యి వేశారు."

ఆ ఒక్క జవాబు ఐదు చుక్కలకన్నా ఎక్కువ పనికొచ్చింది.

సాయంత్రం ప్లానర్ ఆఫీసులో కూర్చున్నాం. కొటేషన్‌లో భోజనాలు ప్లేటుకి 350 చొప్పున, కనీసం 600 ప్లేట్లు. మా లెక్క 450 దాటదు. అంటే తినని 150 ప్లేట్లకి 52,500 రూపాయలు. బేరం చేసి కనీస లెక్క 450కి దించాం. పైన వచ్చినవాళ్ళకి అసలు లెక్కే. ప్లేట్లు లెక్కపెట్టడానికి మా తరఫున ఒక మనిషి నిలబడతాడని రాయించాం. డీజిల్ లీటరు లెక్కన, మీటరు చూసి. హాలు ఖాళీ చేయాల్సిన టైము కూడా రాయించాం, 2:40 ముహూర్తానికి పొద్దున టిఫిన్లు అయ్యేదాకా హాలు మన చేతిలో ఉండాలి కదా.

చివర్లో మా బావమరిది, "ఆ రోజు మీరు స్వయంగా ఉంటారా?" అన్నాడు. ప్లానర్ కాస్త తటపటాయించి, అదే ముహూర్తానికి ఇంకో రెండు పెళ్ళిళ్ళున్నాయని చెప్పాడు. దాచనందుకు నాకు నచ్చాడు. భోజనాలతో పాటు అలంకరణా, రూముల పనీ ఆయనకే ఇచ్చాం. ఆ రాత్రంతా మా హాల్లో ఉండే ఆయన మనిషి పేరు, ఫోన్ నంబరు ఒప్పందం కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ చేతిలో పెట్టాం.