నాన్న పూతరేకుల పెట్టెకు నేను రాసిన వివరణ: 14 నెలల వాడకం తర్వాత

రావులపాలెంలో మాది చిన్న పూతరేకుల కొట్టు. ఆత్రేయపురంలో ఆడవాళ్లు పోసిన రేకులు తెచ్చుకుని ఇక్కడ చుడతాం. నాన్న సరుకు పెట్టే ఆన్‌లైన్ యాప్‌లో ఖాతా ఎలా తెరవాలి, కమీషన్ ఎంత అన్నవి అమ్మేవాళ్లందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నాకు చెప్పాలని ఉన్నది అందులో సరుకు గురించి రాసే 'వివరణ' గడి ఒక్కదాని గురించే. అదంటే నాకు చాలా ఇష్టం.

మొదట్లో అక్కడ నాన్న రాసింది ఇది: "నోరూరించే స్పెషల్ పూతరేకులు, నంబర్ వన్ క్వాలిటీ." పేజీ చూసినవాళ్లు కొట్టుకి ఫోన్ చేసేవాళ్లు. ఒక చేత్తో రేకు మడుస్తూ నాన్న చెప్పిందే చెప్పేవారు. వారం రోజులు ఆ ప్రశ్నలన్నీ లెక్కల పుస్తకం వెనక రాసుకున్నాను. తిప్పి తిప్పి నాలుగే: బెల్లమా పంచదారా, పెట్టెకు ఎన్ని, నెయ్యా డాల్డానా, ఎప్పుడు చేసినవి. పోయిన ఏడాది శ్రావణానికి ముందు బెల్లం పెట్టె వివరణ ఇలా మార్చాను: "బెల్లం పూతరేకులు, పెట్టెకు 10. నెయ్యి, బెల్లం పొడి, జీడిపప్పు, బాదం. చుట్టిన రోజే పార్సిల్." పంచదార పెట్టె జోలికి మాత్రం పోలేదు.

అంతకు ముందు మూడు వారాల్లో బెల్లం పెట్టెలకు 22 ఆర్డర్లు వచ్చాయి. మార్చాక మూడు వారాల్లో 41. రోజూ కాలేజీ నుంచి రాగానే ఫోన్ లాక్కుని చూసేదాన్ని. రెట్టింపు అయిందని ఇంట్లో అందరికీ చెప్పాను.

తర్వాత పంచదార పెట్టె లెక్క చూశాను. నేను అక్షరం మార్చకపోయినా అది 25 నుంచి 34కి పెరిగింది. శ్రావణం పండగలు, నోములు. ఆ లెక్కన నేను ఏమీ రాయకపోయినా బెల్లం పెట్టెలు దాదాపు 30 అమ్ముడయ్యేవి. అంటే నా రాతకు దక్కేది ఓ 11. అయినా 11 పెట్టెలు మా కొట్టుకు తక్కువేం కాదు.

దెబ్బ తగిలింది దసరాకి. ఆర్డర్లు ఇంకా పెంచుదామని "పార్సిల్‌లో ఒక్క రేకు కూడా చిట్లదు" అని ఒక వాక్యం కలిపాను. ఆ నెలలో 70 ఆర్డర్లు వచ్చాయి. వాటిలో 8 పెట్టెలకు రేకులు చిట్లాయని ఫిర్యాదులు. బెంగళూరు నుంచి ఒకావిడ పెట్టె విప్పి ఫోటో పంపింది. అడుగున అంతా పొడే. ఆ 8 పెట్టెల డబ్బూ నాన్న ఖాతాలోంచి వెనక్కి పోయింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఒక రేకు తీసి, తడి గుడ్డ అద్ది, మడిచి చూపించారు.

"ఈ తడి ఉంటేనే ఇది మడత పడుతుందమ్మా. ఆరాక మళ్లీ పెళుసే. నువ్వు రాసినంత మాత్రాన ఆగుతుందా?"

అప్పటి నుంచి పెట్టెలో ఖాళీ లేకుండా బటర్ పేపర్ కుక్కి సర్దుతున్నాం. వివరణలో ఆ వాక్యం తీసేసి, "దూరం వెళ్లే పెట్టెల్లో అంచులు కొంచెం రాలొచ్చు, రుచి మారదు. సారెకైతే ఈ పెట్టె తీసుకోకండి" అని రాశాను. నాన్నకు నచ్చలేదు.

"రాలిపోతాయని మనమే చెప్పుకుంటే ఎవరు కొంటారే?"

తర్వాతి నాలుగు వారాల్లో 58 ఆర్డర్లు, 2 ఫిర్యాదులు. ఆర్డర్లు తగ్గింది ఆ వాక్యం వల్లో, దసరా అయిపోవడం వల్లో విడదీసి చెప్పలేను. ఫిర్యాదులు తగ్గడంలో బటర్ పేపర్‌కీ వాటా ఉంది. కానీ ఆ రెండు ఫిర్యాదుల్లో ఒక్కటి కూడా చిట్లడం గురించి కాదు, రెండూ ఆలస్యం గురించే. అంచులు రాలినవాళ్లు కొందరు ఉండే ఉంటారు. వివరణ ముందే చదివినవాళ్లు సర్దుకుని ఉంటారు.

ఒక విషయం ఆలస్యంగా తెలిసింది. ఫోన్‌లో కొనేవాళ్లకు మొదటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితే కానీ తెరుచుకోదు. రాలడం గురించి చివర రాసిన రోజుల్లో చాలామంది చదవలేదని అడిగే ప్రశ్నలను బట్టే అర్థమైంది. ఇప్పుడు అది రెండో వరుసలో ఉంది. ఇంకో ఇబ్బంది, వివరణ మార్చిన ప్రతిసారీ పేజీ పరిశీలనలోకి వెళ్లి ఒకటి రెండు రోజులు కనిపించదు. సంక్రాంతి వారంలో ఒక అక్షరం దిద్దబోయి రెండు రోజుల అమ్మకం పోగొట్టాను.

మాకైతే ఇది బాగా పనికొచ్చింది. మావి రెండే రకాలు, ప్రశ్నలు వినడానికి నాన్న ఉన్నారు, రాయడానికి సాయంత్రం నాకు గంట దొరుకుతుంది. వంద రకాలు పెట్టే కొట్టుకు ఇలా కుదురుతుందో లేదో నేను చెప్పలేను. పంచదార పెట్టె మీద ఇప్పటికీ నాన్న రాసిన "నంబర్ వన్ క్వాలిటీ"యే ఉంది. దీపావళి వెళ్లగానే దాన్నీ మార్చనివ్వమని అడుగుతున్నాను. "చూద్దాంలే" అంటున్నారు.