పేరాగ్రాఫ్ నేర్పుడు: టాపిక్ సెంటెన్స్ ముందు ఇస్తే మేలా, వివరాలు ముందు చెప్పిస్తే మేలా?

మా నల్గొండ దిక్కు ప్రైమరీ స్కూళ్లల్ల ఎక్కువ నడిచేది మొదటి పద్ధతే. టీచరే బోర్డు మీద టాపిక్ సెంటెన్స్ రాస్తరు, దాని కింద మూడు సపోర్టింగ్ వాక్యాలు, ఆఖరికి ఒక ముగింపు వాక్యం పిల్లలు రాయాలె. ఒక్క పీరియడ్‌ల అయిపోతది. కాని "బతుకమ్మ మన పెద్ద పండుగ" అని ఇచ్చి చూడండి, నోట్‌బుక్కుల ఏమొస్తది అంటే "బతుకమ్మ బాగుంటది, బతుకమ్మ నాకు ఇష్టం, బతుకమ్మ అందరికి ఇష్టం". మూడు వాక్యాలున్నయ్ గాని వివరం ఒక్కటి లేదు. పిల్లల తప్పేం లేదండి, ఆ వాక్యం కింద పూలు రాసినా బట్టలు రాసినా సెలవులు రాసినా చెల్లుతది కాబట్టి ఏది రాయాల్నో వాళ్లకు తెల్వదు. అదే "బతుకమ్మ పేర్చుడు ఒక్కరితోని అయ్యే పని కాదు" అని ఇస్తే, ఎవరెవరు ఏం చేస్తరో రాయక తప్పదు.

రెండోది, నోటితోని చెప్పించుడు నుంచి మొదలు పెట్టుడు. "మీ ఇంట్ల ఎట్ల పేరుస్తరు?" అని అడిగి పిల్లలు చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద రాయాలె. అన్న చెలకల పొంటి తిరిగి తంగేడు, గునుగు తెస్తడు. నాయనమ్మ కాడలు సమానంగ కోస్తది. అమ్మ గునుగుకు రంగులద్ది తాంబాళంల వరుసలు పేరుస్తది. చెల్లెకు కొత్త గౌను కొన్నరు. ఇప్పుడు "వీటిల్ల ఏది కలుస్తలేదు?" అని అడగాలె. గౌను తుడిపేస్తుంటే ఒకరిద్దరు ఒప్పుకోరు, ఒప్పుకోకపోతేనే మంచిది, ఎందుకు కలవదో వాళ్లే వాదించుకుంటరు. తర్వాత "మిగిలిన మూడు కలిసి ఏం చెప్తున్నయ్?" అంటే "అందరు చేస్తరు సార్" అని ఎవరో ఒకరు అంటరు. గదే టాపిక్ సెంటెన్స్, కొంచెం సవరించి "మా ఇంట్ల బతుకమ్మను అందరం కలిసి పేరుస్తం" అని పైన రాసుడే. సరిగ్గ వచ్చిందా లేదా చూడాలంటే దాన్ని చేత్తోని మూసి, మిగతాది పక్క పిల్లకు సదివించి మొదటి వాక్యం ఏమై ఉంటదో చెప్పమనండి, దగ్గరదగ్గరగ చెప్తే వివరాలు కుదిరినట్టే.

దీనికి రెండు పీరియడ్లు పడ్తది, ఒక్క టీచరే అయిదు క్లాసులు చూసుకునే స్కూల్ల కష్టం. ఇంకా గట్టిగ మాట్లాడేటోళ్ల మాటే బోర్డు ఎక్కుతది. నేనైతే మూడో తరగతికి మొదటి పద్ధతే అంట, వాక్యం మాత్రం ఇరుకుగ ఇయ్యాలె. నాలుగు, అయిదుకు రెండోదే మేలు.

ముగింపు వాక్యం రెండిట్లనూ తిప్పలే. "అందుకే బతుకమ్మ నాకు ఇష్టం" అనేది పండుగ పేరు మారిస్తే దసరా పేరా కింద కూడ అతుకుతది, కాబట్టి అది పనికిరాదు. "రాత్రి చెరువుల వేస్తం" అంటే అది కొత్త ముచ్చట, ఇంకో పేరాకు పోవాలె. "ఇన్ని చేతులు పడితేనే పొద్దుగూకేవరకు బతుకమ్మ తయారైతది" అంటే పైన రాసిన మూడు వివరాల నుంచే వచ్చింది, అది ఉంచుకోవచ్చు.