కొత్త ఆర్డర్ల సాఫ్ట్‌వేర్‌తో ఎనిమిది నెలలు: మీ పచ్చళ్లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

గుంటూరు నుంచి మా పచ్చళ్లు తెప్పించుకుంటున్న మీ అందరికీ నమస్కారం. దసరా ముందు పార్శిళ్లు పది రోజుల దాకా ఆలస్యమైనప్పుడు సాంకేతిక సమస్య అని ఒక ముక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. అసలు సంగతి చెప్పాల్సిన బాధ్యత నాకుంది కనుక, ఎనిమిది నెలల వాడకం తర్వాత ఈ ఉత్తరం రాస్తున్నాను.

అంతకుముందు వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లను మా ఆవిడ నోటుపుస్తకంలో ఎక్కించేది. జాడీలో ఎన్ని కిలోలున్నాయో ఆవిడకు తెలుసు కాబట్టి, పచ్చడి అయిపోవస్తుంటే ఆర్డర్లు ఆపేసేది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు జాడీ అంటే తెలియదు. కిలో, అరకిలో, పావుకిలో డబ్బాలు దాని లెక్కలో మూడు వేర్వేరు సరుకులు. నలభై కిలోల గోంగూర కలిపిన రోజున నేను కిలో డబ్బాలు 40, అరకిలోవి 80, పావుకిలోవి 160 అని నింపాను. ఒక్కో లెక్కా విడిగా సరైనదే, కానీ మూడూ కలిపితే లేని ఎనభై కిలోలను అమ్మకానికి పెట్టినట్టయింది. మూడు రోజుల్లో కిలోవి 22, అరకిలోవి 46, పావుకిలోవి 60 అమ్ముడుపోయాయి, అంటే మొత్తం అరవై కిలోలు. ఏ సైజూ సున్నాకు రాలేదు గనుక తెర మీద ఎక్కడా హెచ్చరిక కనిపించలేదు. జాడీ అడుగున గరిటె తగిలినప్పుడు గానీ నాకు తెలియలేదు.

తక్కువపడ్డ ఇరవై కిలోలకు మళ్లీ ఆకు తెచ్చి, కడిగి, తడి లేకుండా నీడన ఆరబెట్టి, వేయించి కలపాలి. తడి ఉంటే బూజు పడుతుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. ఈలోగా గోంగూరతో పాటు ఆవకాయ కూడా అడిగిన వారి డబ్బాలన్నీ ఆగిపోయాయి. అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది మాత్రం ‘పంపించాం’ అన్న మెసేజ్. చిరునామా చీటీ ప్రింట్ కాగానే సాఫ్ట్‌వేర్ దాన్ని పంపేస్తుంది, డబ్బా మా బల్ల మీదే ఉన్నా సరే. ఆ చీటీలను ముందే ప్రింట్ చేసి పెట్టుకున్నది నేనే.

ఇప్పుడు నలభై కిలోలను ముందే విడగొడుతున్నాను: కిలోవి 10, అరకిలోవి 40, పావుకిలోవి 32. మిగిలిన రెండు కిలోలు దారిలో నూనె కారిన డబ్బాలకు బదులుగా పంపడానికి. దీనిలోనూ ఒక ఇబ్బంది ఉంది. అరకిలోలు అయిపోతే, కిలో డబ్బాలు మిగిలి ఉన్నా మీకు ‘స్టాకు లేదు’ అని కనిపిస్తుంది. రాత్రి కూర్చుని అంకెలు నేనే మార్చాలి.

అయినా దీన్ని వదలడం లేదు. చిరునామా మీరే టైపు చేస్తున్నందువల్ల పిన్‌కోడ్ తప్పుపడి తిరిగొచ్చే పార్శిళ్లు బాగా తగ్గాయి. చీటీలు మాత్రం కొరియర్ అబ్బాయి వచ్చే సాయంత్రం నాలుగింటికి ముందు, డబ్బాకు మూత బిగించాకే ప్రింట్ చేస్తున్నాం.