మూడేళ్లుగా అందుకుంటున్న క్రెడిట్ నోట్ మెయిల్: మొత్తం కన్నా ముందు పన్ను లైన్ చూడండి

బెంగళూరు మారతహళ్లిలో మాది ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. కౌంటర్ మా ఆయన చూసుకుంటారు, లెక్కలు నేను రాస్తాను. వైర్లు, స్విచ్‌లు బి.వి.కె. అయ్యంగార్ రోడ్డులో ఒక హోల్‌సేల్ షాపు నుంచి తెచ్చుకుంటాం. వాళ్ల బిల్లులో రేటు తప్పు పడితే దాన్ని సరిచేస్తూ క్రెడిట్ నోట్ మెయిల్ చేస్తారు. ఈ మూడేళ్లలో అలాంటివి పదకొండు వచ్చాయి. వాటిలో ఏది బాగుందో, ఎక్కడ తికమక పడ్డామో చెప్తాను.

ఈమధ్య వచ్చినదే చూడండి. ఒకటిన్నర ఎం.ఎం. వైరు 40 కాయిల్స్ ఆర్డర్ ఇచ్చాం. ఒప్పుకున్న రేటు 1,650. బిల్లు కొట్టే రోజుకు వాళ్ల సిస్టమ్‌లో కొత్త రేట్లు ఎక్కేశాయి, 1,780 పడింది. కాయిల్‌కు 130 చొప్పున 5,200 తేడా. దాని మీద 18 శాతం జీఎస్టీ 936. మొత్తం 6,136 రూపాయలు మాకు తగ్గాలి.

ఫోన్ చేసిన మూడో రోజు మెయిల్ వచ్చింది. అందులో పాత బిల్లు నంబరు, తేదీ, వేసిన రేటు, వేయాల్సిన రేటు వరసగా ఉన్నాయి. కింద మా ఖాతా: అంతకుముందు బాకీ 34,016, క్రెడిట్ నోట్ 6,136, ఇప్పుడు కట్టాల్సింది 27,880. మూడు లైన్లే. మా ఆయన కూడా ఒక్క చూపులో అర్థం చేసుకుని ఆ 27,880 పంపించేశారు. నాకు ఈ మెయిల్‌లో బాగా నచ్చింది అదే. మిగతా సప్లయర్లు కొందరు ఉత్త పీడీఎఫ్ పడేస్తారు, బాకీ ఎంతయిందో మనమే తవ్వుకోవాలి.

అయితే అన్నీ ఇలా పన్నుతో రావు. మొదటి ఏడాది డిసెంబరులో, అంతకుముందు ఫిబ్రవరి బిల్లులో స్విచ్‌ల రేటు తప్పని పట్టుకున్నాం. 2,000 తేడా. వాళ్లు సరిగ్గా 2,000కే నోట్ పంపారు, పన్ను లైన్ లేదు. 360 ఎగ్గొట్టారేమో అని నాకు కోపమొచ్చి ఫోన్ చేశాను. అక్కడ అకౌంట్స్ చూసే ఆయన మన తెలుగాయనే. "మేడమ్, ఆ ఆర్థిక సంవత్సరం బిల్లుకు నవంబరు 30 దాటితే మేం పన్ను తగ్గించుకోలేం. అందుకే పన్ను లేకుండా ఇచ్చాం. మీరు ఐటీసీ వెనక్కి ఇవ్వొద్దు, అంతే" అన్నారు. ఐటీసీ అంటే, సరుకు కొన్నప్పుడు మనం కట్టిన జీఎస్టీని మన అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం. నేనేమో అప్పటికే ఆ 360 వెనక్కి ఇచ్చేలా లెక్క వేసి పెట్టుకున్నాను. ఆ నెల జీఎస్టీ రిటర్ను 3బి వేయకముందే మా ఆడిటర్ గారు కూడా అదే మాట చెప్పబట్టి సరిపోయింది.

వైరు లెక్కతోనే చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. మొదటి బిల్లు 84,016, అందులో పన్ను 12,816. పన్నుతో కలిపి 6,136 తగ్గిస్తే మనం కట్టేది 77,880, తీసుకునే ఐటీసీ 11,880. పన్ను లేకుండా 5,200 తగ్గిస్తే కట్టేది 78,816, ఐటీసీ మొత్తం 12,816 అలాగే ఉంచుకుంటాం. రెండు దారుల్లోనూ సరుకు మనకు 66,000కే పడుతుంది. 5,200 మాత్రమే తీసుకుని 936 ఐటీసీ కూడా వదిలేస్తే మాత్రం ఆ 936 మన జేబులోంచి పోయినట్టే. తిప్పి చేస్తే, అంటే 6,136 తీసుకుని ఐటీసీ తగ్గించకపోతే, తర్వాత వడ్డీతో కట్టాల్సి రావచ్చు.

పన్నుతో ఇచ్చిన నోటు వాళ్లు తమ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో చూపిస్తే, మన కొనుగోళ్ల ఐటీసీ వివరాలుండే జీఎస్టీఆర్-2బిలో కనిపిస్తుంది. మెయిల్ ఈ నెల వచ్చినా 2బిలో వచ్చే నెల పడటం మాకు రెండుసార్లు జరిగింది. అందుకే ఇప్పుడు మెయిల్‌లోని నోట్ నంబరు రాసి పెట్టుకుని, అక్కడ కనిపించాకే టిక్ పెడుతున్నాను.

నాకున్న పెద్ద ఫిర్యాదు ఇంకొకటి. బిల్లు డబ్బు ముందే పూర్తిగా కట్టేసి ఉంటే, నోటు ఏ బిల్లుకూ ఎక్కకుండా ఖాతాలో ఊరికే పడి ఉంటుంది. పోయిన దీపావళికి అలా 3,540 రూపాయలు మిగిలాయి. అయినా తర్వాతి బిల్లుకు పూర్తి మొత్తం కట్టమని రిమైండర్ వచ్చింది. అప్పటి నుంచి మెయిల్ అందగానే "దీన్ని ఫలానా బిల్లులో తగ్గించండి" అని నంబరుతో జవాబు రాస్తున్నాను. నా టాలీలో కూడా వాళ్ల క్రెడిట్ నోటుకు మా వైపు డెబిట్ నోట్ వేసేటప్పుడు On Account కాకుండా Agst Ref పెట్టి అదే బిల్లు ఎంచుకుంటాను. ఇలా చేశాక మళ్లీ తప్పు రిమైండర్ రాలేదు.

ఐదుకు నాలుగు ఇస్తాను. మిగతా ఒకటి, పన్ను లేని నోటు పంపినప్పుడు "ఐటీసీ తగ్గించుకోనక్కర్లేదు" అని మెయిల్‌లోనే ఒక లైన్ రాసిన రోజు ఇస్తాను. రెండుసార్లు అడిగాను, ఇంకా రాయలేదు.