పదహారో అంకె సున్నా అయిన రోజు: ఐదేళ్లు వాడిన నా తనిఖీ షీటు

బాలానగర్‌లో యంత్రాల విడిభాగాలు తయారుచేసే చిన్న సంస్థలో లెక్కలు చూస్తాను. జీతాలు, కాంట్రాక్టు కూలీల డబ్బులు, సరుకు ఇచ్చినవాళ్ల బిల్లులు కలిపి నెలకు 230 దాకా చెల్లింపులను ఒకే ఫైలుగా బ్యాంకుకు ఎక్కిస్తాం. ఆ ఫైలు తయారుచేసే ముందు ఐఎఫ్‌ఎస్‌సి, ఖాతా నంబరు పొడవు, పేరు సరిచూడటానికి ఎక్సెల్‌లో నేనే ఒక షీటు కట్టుకున్నాను. ఐదేళ్లు వాడాక నా అభిప్రాయం ఇది: ఐఎఫ్‌ఎస్‌సి విషయంలో దాన్ని పూర్తిగా నమ్ముతాను, నంబరు పొడవు విషయంలో సగమే నమ్ముతాను, పేరు విషయంలో అసలు నమ్మను.

ఐఎఫ్‌ఎస్‌సి తేలిక. మొత్తం 11 అక్షరాలు. మొదటి నాలుగు బ్యాంకువి, అయిదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు శాఖవి. ఆ సున్నా స్థానంలో ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం కొట్టేవాళ్లు ప్రతి నెలా ఒకరిద్దరు తగులుతారు. చివరి ఆరూ అంకెలే ఉండాలని మొదట్లో ఒక నియమం పెట్టి నవ్వులపాలయ్యాను. తెలంగాణ గ్రామీణ బ్యాంకు ఖాతాలున్న కూలీల వరుసలన్నీ ఎర్రబడ్డాయి. వాళ్ల కోడ్ SBIN0RRDCGB, అందులో చివరి ఆరూ అక్షరాలే. ఆ నియమం తీసేసి, రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైటులో దొరికే శాఖల జాబితాను పక్క షీటులో పెట్టుకున్నాను. ఇప్పుడున్న సూత్రం ఇదే:

```
=AND(LEN(C2)=11,MID(C2,5,1)="0",COUNTIF(ifsc!A:A,C2)>0)
```

ఇందులో మూడో భాగమే అసలు పని చేస్తుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అయినా పాత పాసు పుస్తకం మొదటి పేజీని ఫోటో తీసి పంపేవాళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. అందులోని కోడ్ ANDBతో మొదలై, 11 అక్షరాలతో, అయిదోది సున్నాగా చక్కగా కనిపిస్తుంది. రూపాన్ని మాత్రమే చూసే తనిఖీ దాన్ని సంతోషంగా దాటనిస్తుంది. జాబితాతో పోల్చినప్పుడే దొరుకుతుంది. ఆ జాబితాను మూడు నెలలకొకసారి కొత్తది దించుకోవాలి. నేను రెండుసార్లు మరిచిపోయాను, కొత్తగా తెరిచిన శాఖలను తప్పని చూపించింది.

ఇక ఖాతా నంబరు. మొదటి నాలుగు అక్షరాలను బట్టి బ్యాంకును గుర్తించి, నంబరులో ఎన్ని అంకెలుండాలో ఒక చిన్న పట్టికలో రాసుకున్నాను. స్టేట్ బ్యాంకుకు 11, హెచ్‌డీఎఫ్‌సీకి 14, ఐసీఐసీఐకి 12, పంజాబ్ నేషనల్ బ్యాంకుకు 16, ఇలా. బ్యాంకుల విలీనాల తర్వాత ఒకే బ్యాంకులో రెండు మూడు పొడవులు వచ్చాయి. కెనరాలో పాతవి 13 అంకెలు, సిండికేటు నుంచి వచ్చినవి 14. అందుకే పొడవు కుదరకపోతే ఎరుపు కాకుండా పసుపు రంగు వచ్చేలా పెట్టుకున్నాను. పసుపు అంటే పాసు పుస్తకం మళ్లీ చూడమని, అంతే.

కానీ పొడవు సరిపోయి కూడా నంబరు తప్పు కావచ్చని నాకు తెలిసింది ఒక లారీ రవాణా సంస్థ చెల్లింపుతో. రూ. 48,600, ఖాతా పంజాబ్ నేషనల్ బ్యాంకుది. షీటులో అన్నీ పచ్చగానే ఉన్నాయి. సాయంత్రానికి డబ్బు తిరిగి వచ్చింది, అలాంటి ఖాతా లేదని. డ్రైవరు మా గేటు దగ్గరే ఉన్నాడు, డీజిల్ డబ్బులు అందక. నేను పాసు పుస్తకం పక్కన పెట్టుకుని అంకె అంకె చూశాను. పదిహేనూ సరిపోయాయి. పదహారోది పుస్తకంలో 7, షీటులో 0.

కారణం ఎక్సెల్ స్వభావం. అది ఏ సంఖ్యనైనా 15 అంకెల వరకే ఉన్నదున్నట్టు గుర్తుంచుకుంటుంది, ఆపై వాటిని సున్నా చేస్తుంది. నమూనాకు 1234567890123457 అన్న నంబరున్న సీఎస్‌వీ ఫైలును రెండు క్లిక్కులతో తెరిస్తే గడిలో 1.23457E+15 అని కనిపిస్తుంది. అది చూసి ఎవరో ఒకరు కంగారుపడి గడి రూపాన్ని నంబరుగా మారుస్తారు. అప్పుడు 1234567890123450 వస్తుంది. పదహారు అంకెలు చూసి బాగైందనుకుంటారు. ఆ తర్వాత దాన్ని టెక్స్ట్‌గా మార్చినా పోయిన 7 తిరిగి రాదు. రవాణా సంస్థ వివరాల ఫైలును మా స్టోర్సు కుర్రాడు సరిగ్గా అలాగే తెరిచి, దాచి, నాకు పంపాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు, అంతకుముందు నేనూ అలాగే తెరిచేవాణ్ణి.

అప్పటి నుంచి సీఎస్‌వీని నేరుగా తెరవను. ఎక్సెల్ డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుని, ఖాతా నంబరు నిలువు వరుసను టెక్స్ట్ అని ముందే ఎంచుకుంటాను. దానికి తోడు ఈ సూత్రం చేర్చాను:

```
=AND(LEN(B2)>15,RIGHT(B2,1)="0")
```

నిజంగానే సున్నాతో ముగిసే ఖాతాలుంటాయి కనుక ఇది అప్పుడప్పుడు ఉత్త భయం పెడుతుంది. కానీ పదహారు అంకెల నంబర్లన్నీ వరుసగా సున్నాతోనే ముగుస్తుంటే మాత్రం ఫైలు ఎక్కడో చెడిపోయిందని తేలిపోతుంది.

ఇదే జబ్బు ఇంకో చోట కూడా బయటపడింది. ఒకే ఖాతా రెండుసార్లు వచ్చిందేమో చూడటానికి COUNTIF వాడేవాణ్ణి. గడిలో టెక్స్ట్‌గా ఉన్నా అది అంకెలను సంఖ్యగానే లెక్కలోకి తీసుకుంటుంది, కాబట్టి చివరి అంకె మాత్రమే తేడా ఉన్న రెండు పదహారంకెల ఖాతాలను ఒకటేనంటుంది. అలా ఒక సరఫరాదారు తాలూకు రెండో చెల్లింపును నేనే ఆపేశాను. దాని బదులు ఇప్పుడు ఇది:

```
=SUMPRODUCT(--(B$2:B$300=B2))>1
```

పేరు దగ్గర షీటు చేయగలిగింది తక్కువ. మా బ్యాంకు ఫైలు ఒప్పుకోని గుర్తులను తీసేయడం, అదనపు ఖాళీలను తొలగించడం వరకే. నెఫ్ట్‌లో డబ్బు జమయ్యేది ఖాతా నంబరును బట్టే, పేరును పోల్చి చూసి కాదు. మన పేర్లకు ఇంటిపేరు ముందో వెనకో, పూర్తిగానో పొడి అక్షరంగానో, లక్ష్మిలో ‘కెఎస్’ అనో ‘ఎక్స్’ అనో, ఏదీ స్థిరం కాదు. సూత్రంతో పోల్చడానికి ఒక ఏడాది తంటాలు పడి వదిలేశాను. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సి ఇస్తే ఖాతాదారు పేరు చూపే సదుపాయం బ్యాంకులు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మా బ్యాంకు నెట్ బ్యాంకింగులో అది ఒక్కొక్కటిగానే పనిచేస్తుంది, షీటు మొత్తానికి కాదు. కనుక కొత్తగా చేరినవాళ్లకు, నంబరు మార్చుకున్నవాళ్లకు మాత్రమే చూస్తాను, నెలకు పది పదిహేను మంది. మొదటి నెలలోనే ఒక హెల్పరు ఇచ్చిన నంబరుకు వాళ్ల అన్న పేరు వచ్చింది. మోసమేమీ కాదు, తన ఖాతా చాలాకాలం వాడక నిలిచిపోయిందట. ఇంటిపేరు ఒకటే కాబట్టి నా సూత్రమైతే సగం మార్కులిచ్చి దాటనిచ్చేది.

షీటుకు చేతకానిది ఇంకొకటి మిగిలింది. అన్నీ పచ్చబడ్డాక ఎక్కించే ఫైలును సీఎస్‌వీగా దాస్తాను. దాన్ని ఒక్కసారి చూద్దామని ఎక్సెల్‌లో తెరిచి, అలవాటుగా దాచు బటన్ నొక్కితే పదహారో అంకె మళ్లీ పోతుంది, అప్పుడు తనిఖీ చేసేందుకు ఏ షీటూ ఉండదు. అందుకే దాన్ని నోట్‌ప్యాడ్‌లోనే తెరుస్తాను. వరుసల సంఖ్య, మొత్తం సొమ్ము కాగితం మీద రాసుకుని, బ్యాంకు తెర మీద కనిపించే వాటితో సరిపోయాకే ఆమోదానికి మా యజమానికి పంపుతాను.